సిప్ లెక్క చేత్తో వేద్దాం – 3వ పాఠం: నెలనెలా యూనిట్లు, సగటున ఎంత పడింది?

ముందు పోయినసారి ఇచ్చిన లెక్క జవాబు. ఒక మ్యూచువల్ ఫండ్ నికర ఆస్తులు 642 కోట్ల రూపాయలు, చెలామణిలో ఉన్న యూనిట్లు 12 కోట్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 53.50. అదే ఆ రోజు ఎన్‌ఏవీ, అంటే ఒక యూనిట్ ధర. 53.50 వచ్చినవాళ్లు నేరుగా ఈ పాఠంలోకి రండి. రానివాళ్లు రెండో పాఠం చివరి భాగం ఒకసారి చూసి రండి, ఎందుకంటే ఈ రోజు మొత్తం ఆ ధరతోనే పని.

ఈ పాఠంలో నేర్చుకునేవి రెండే. ఒక నెల కట్టిన సొమ్ముకు ఎన్ని యూనిట్లు వస్తాయో చేత్తో లెక్కవేయడం, కొన్ని నెలలు గడిచాక ఒక్కో యూనిట్ మనకు సగటున ఎంత పడిందో తేల్చడం. కాగితం, పెన్ను, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. చదివేసి ఊరుకుంటే ఈ పాఠం ఒంటబట్టదు. లెక్క మీరూ వేయాలి.

ఏ ధరలు తీసుకుందాం?

ఊహించిన అంకెలతో లెక్క నేర్పితే అన్నీ చక్కగా సరిపోతాయి గానీ, అసలు మార్కెట్ ఎలా ఊపుతుందో తెలియదు. అందుకే 2020 సంవత్సరం తీసుకున్నాను. ఆ ఏడాది జనవరి నుంచి జూన్ వరకు ప్రతి నెలా చివరి ట్రేడింగ్ రోజున నిఫ్టీ 50 సూచీ ఎక్కడ ముగిసిందో తీసుకుని, దాన్ని 100తో భాగించి, అదే మన ఫండ్ ఎన్‌ఏవీ అనుకుందాం. జనవరి 31న నిఫ్టీ 11,962.10 దగ్గర ముగిసింది కాబట్టి మన ఎన్‌ఏవీ 119.62. నిజంగా నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ కొన్నవాళ్ల ఎన్‌ఏవీ ఇదే ఉండదు. ఫండ్ ఖర్చులు కొంత కిందికి లాగుతాయి, కంపెనీలు ఇచ్చే డివిడెండ్లు కొంత పైకి నెడతాయి. కానీ ఎత్తుపల్లాల తీరు మాత్రం దాదాపు ఇదే.

నెలకు 5,000 రూపాయల సిప్ అనుకుందాం, అంటే ప్రతి నెలా అదే సొమ్ము ఫండ్‌లో వేస్తాం.

ఒక నెల యూనిట్లు

సూత్రం ఒక్క ముక్క: కట్టిన సొమ్మును ఆ రోజు ఎన్‌ఏవీతో భాగించాలి.

జనవరి: 5,000 ÷ 119.62. క్యాలిక్యులేటర్‌లో 41.79903… అని వస్తుంది. చాలా ఫండ్లు యూనిట్లను మూడు దశాంశ స్థానాల వరకు కేటాయిస్తాయి. కాబట్టి 41.799 యూనిట్లు.

ఇక్కడే చాలామందికి ఒక సందేహం. షేరు అయితే ఒకటో రెండో కొంటాం, అర షేరు ఇవ్వరు. ఇక్కడ 41 యూనిట్లు ఇచ్చి, మిగిలిన చిల్లర తిరిగి ఇవ్వరా అని. ఇవ్వరు, అవసరమూ లేదు. యూనిట్‌ను వెయ్యో వంతు వరకు ముక్క చేయొచ్చు కాబట్టే 5,000 రూపాయలూ పనిలో పడతాయి. వెయ్యో వంతు యూనిట్ విలువ ఇక్కడ 12 పైసలు. అంతకంటే చిన్న తేడాను అటో ఇటో సవరిస్తారు.

ఫిబ్రవరిలో ధర 112.02కు దిగింది. మీరే భాగించండి. 44.635 రావాలి. ధర ఏడున్నర రూపాయలు తగ్గితే దాదాపు మూడు యూనిట్లు ఎక్కువ వచ్చాయి.

మార్చి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కరోనా భయంతో మార్కెట్ కూలింది, 23వ తేదీన నిఫ్టీ 7,610 దగ్గర ముగిసింది. నెలాఖరుకు కాస్త తేరుకుని 8,597.75 దగ్గర నిలిచింది. అంటే మన ఎన్‌ఏవీ 85.98. అదే 5,000కు ఈసారి 58.153 యూనిట్లు.

మిగతా మూడు నెలలకు యూనిట్ల గడిని చేత్తో మూసి, మీరే వేసి చూసుకోండి.

| నెల (2020) | ఎన్‌ఏవీ | యూనిట్లు |
|---|---|---|
| జనవరి | 119.62 | 41.799 |
| ఫిబ్రవరి | 112.02 | 44.635 |
| మార్చి | 85.98 | 58.153 |
| ఏప్రిల్ | 98.60 | 50.710 |
| మే | 95.80 | 52.192 |
| జూన్ | 103.02 | 48.534 |
| మొత్తం | | 296.023 |

ఎన్‌ఏవీ గడి కింద మొత్తం వేయలేదు, గమనించారా? కావాలనే వదిలేశాను. ధరలను కూడితే వచ్చే అంకెకు ఇక్కడ అర్థమేమీ లేదు. కానీ చేయి ఊరుకోదు, కూడేస్తుంది. తప్పంతా అక్కడే మొదలవుతుంది.

సగటున ఎంత పడింది?

ఆరు నెలల్లో కట్టింది 30,000. వచ్చిన యూనిట్లు 296.023. కట్టినదాన్ని వచ్చినదానితో భాగిస్తే 101.34. ఒక్కో యూనిట్ మనకు 101 రూపాయల 34 పైసలు పడింది.

ఇప్పుడు ఆ చేయి ఊరుకోని పని కూడా చేసి చూద్దాం. ఆరు ధరలనూ కూడితే 615.04. ఆరుతో భాగిస్తే 102.51. ఇది మన సగటు ధర కాదు. రూపాయి 17 పైసలు తేడా. నేను మొదట్లో పట్టిక వేసుకున్నప్పుడు ఇదే తప్పు చేశాను. ఎన్‌ఏవీల గడికి సగటు కట్టి, స్టేట్‌మెంట్‌లో అంకె వేరేగా ఉందేమిటని రెండు గంటలు తల పట్టుకున్నాను.

ఎందుకు తేడా వస్తుందో తెలియాలంటే ఫండ్లను కాసేపు పక్కనపెట్టి రైతు బజారుకు వెళ్దాం.

ఒక వారం టమాటా కిలో 20 రూపాయలు, మరుసటి వారం 60. మదనపల్లె ధరలు తెలిసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. పక్కింటావిడ ధర ఎంతున్నా వారానికి రెండు కిలోలు కొంటుంది. మొదటి వారం 40, రెండో వారం 120, మొత్తం 160 రూపాయలకు నాలుగు కిలోలు. కిలో 40 పడింది. 20కి 60కి సగటు కూడా 40. ఆవిడ విషయంలో ధరల సగటు, పడిన ధర ఒకటే.

మీరు మాత్రం టమాటాకు వారానికి 60 రూపాయలే అని కచ్చితంగా పెట్టుకున్నారు. మొదటి వారం మూడు కిలోలు వచ్చాయి, రెండో వారం ఒక్క కిలో. మొత్తం 120 రూపాయలకు నాలుగు కిలోలు. కిలో 30 పడింది.

ఇందులో మీ బేరం గొప్పతనం ఏమీ లేదు. మీ సంచిలో 20 రూపాయల టమాటాలు మూడు కిలోలు ఉన్నాయి, 60 రూపాయలవి ఒక్క కిలోనే ఉంది. సగటు కట్టేటప్పుడు చవకవాటికి మూడు ఓట్లు, ఖరీదైనవాటికి ఒకే ఓటు. అందుకే సగటు చవక వైపు జరిగింది. సిప్‌లోనూ అంతే. మార్చి ధర 85.98కి 58 ఓట్లున్నాయి, జనవరి ధర 119.62కి 41 చిల్లర మాత్రమే. ధరలను ఊరికే కూడి ఆరుతో భాగిస్తే అన్నిటికీ సమానంగా ఓటు వేయించినట్టు. అది పక్కింటావిడ లెక్క, మీది కాదు.

ఇంటర్‌లో గణాంకాలు చదివినవాళ్లకు ఈపాటికి తట్టే ఉంటుంది. సమానమైన సొమ్ముతో కొన్నప్పుడు పడే సగటు హరాత్మక మధ్యమం, ధరల మామూలు సగటు అంక మధ్యమం. ధరలు ఒకదానికొకటి తేడాగా ఉన్నంతకాలం మొదటిది రెండోదానికంటే ఎప్పుడూ తక్కువే. మార్కెట్ పెరిగినా, పడినా, ఎటూ కదలక ఊగిసలాడినా సరే. ధరల మధ్య ఊపు ఎంత ఎక్కువైతే తేడా అంత ఎక్కువ. టమాటాలో పది రూపాయలు, మన ఆరు నెలల్లో రూపాయి 17 పైసలు.

ఈ సగటు చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. సిప్ అమ్మేవాళ్లు ఈ రూపాయి 17 పైసల తేడాను లాభంలా చూపిస్తారు. లాభం కాదు. పైన చెప్పినట్టు అది లెక్కలో పుట్టే గుణం, ఫండ్ మునిగిపోతున్నా కూడా ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే మన పట్టికలో మార్చి 31 దగ్గర ఆగి చూడండి. అప్పటికి కట్టింది 15,000. యూనిట్లు 144.587. సగటున పడింది 103.74. మూడు ధరల మామూలు సగటు 105.87. చూశారా, ఇక్కడా మన సగటే తక్కువ, పైగా తేడా రెండు రూపాయల పైమాటే. కానీ ఆ రోజు అమ్మితే యూనిట్‌కు వచ్చేది 85.98. చేతికి వచ్చేది 12,431 రూపాయల 59 పైసలు. నష్టం 2,568 రూపాయలు. సగటు ధర తక్కువగానే ఉంది, నష్టం కూడా నిక్షేపంలా ఉంది.

కాబట్టి పడిన ధరను పాత ధరల సగటుతో పోల్చి మురిసిపోవడం వృథా. పోల్చాల్సింది ఈ రోజు ఎన్‌ఏవీతో. ఈ రోజు ఎన్‌ఏవీ మనకు పడినదానికంటే ఎక్కువైతే లాభం, తక్కువైతే నష్టం. అంతే.

జూన్ 30న పోల్చి చూద్దాం. పడింది 101.34, ఎన్‌ఏవీ 103.02. యూనిట్ మీద రూపాయి 68 పైసలు మిగులు. మొత్తం విలువ 296.023 × 103.02, అంటే 30,496 రూపాయల 29 పైసలు. లాభం 496 రూపాయలు. (1.68ని 296.023తో గుణిస్తే 497 వస్తుంది. సగటును రెండు స్థానాలకు కుదించినందువల్ల వచ్చిన రూపాయి తేడా అది. మొత్తం సొమ్ము కావాలంటే ఎప్పుడూ యూనిట్లను ఎన్‌ఏవీతో గుణించి, కట్టింది తీసేయండి. సగటు మీద నుంచి రావొద్దు.)

జనవరిలో 119.62 ఉన్న ధర జూన్‌లో 103.02. దాదాపు 14 శాతం కిందే ఉంది. అయినా లాభం ఎలా వచ్చింది? మార్చి, ఏప్రిల్, మే నెలల యూనిట్ల వల్ల. ఆ మూడు నెలల్లోనే 161 యూనిట్లు వచ్చాయి, మొత్తంలో సగం కంటే ఎక్కువ.

ఆ మార్చి, ఏప్రిల్‌లలోనే కొంతమంది భయపడి సిప్ ఆపేశారు. మన పట్టికలో ఆ రెండు వరసలూ కొట్టేసి చూడండి. కట్టింది 20,000, యూనిట్లు 187.160, పడింది 106.86. జూన్ 30న విలువ 19,281 రూపాయలు. 719 రూపాయల నష్టం. ఒకే ఫండ్, ఒకే రోజు. ఒకరు లాభంలో, ఒకరు నష్టంలో. అలాగని ఆపినవాళ్లను తెలివితక్కువవాళ్లని అనలేం. జీతం కోత పడినవాళ్లకు ఆపక తప్పలేదు. జూన్‌లో ధర 80 దగ్గర ఉండి ఉంటే, ఆపనివాళ్ల నష్టమే రూపాయల్లో పెద్దదయ్యేది. ఏ నెల ఆపితే సగటు ఎటు కదులుతుందో లెక్క చెబుతుంది. వచ్చే నెల ధర ఎటు పోతుందో మాత్రం చెప్పదు.

జూలై: పావలా లెక్క

ఇప్పటివరకు 5,000ను నేరుగా భాగించాం. 2020 జూలై 1 నుంచి ఒక మార్పు వచ్చింది. మ్యూచువల్ ఫండ్ యూనిట్లు కొన్నప్పుడల్లా 0.005 శాతం స్టాంప్ డ్యూటీ పడుతుంది. 5,000 మీద అది 25 పైసలు. పాత లెక్కలో పావలా! ఫండ్ ముందు ఆ పావలా తీసి, మిగిలిన 4,999.75కే యూనిట్లు ఇస్తుంది. స్టేట్‌మెంట్‌లో 4,999.75 చూసి మిగతా డబ్బులు ఎవరు కొట్టేశారని కంగారు పడకండి.

జూలై 31న మన ఎన్‌ఏవీ 110.73. కాబట్టి 4,999.75 ÷ 110.73 = 45.153. స్టాంప్ డ్యూటీ లేకపోతే 45.155 వచ్చేవి. వెయ్యో వంతులు రెండు తగ్గాయి. సొమ్ముగా చూస్తే ఏమీ లేదు, కానీ స్టేట్‌మెంట్‌ను సరిచూసేవాళ్లకు మూడో స్థానం దగ్గర అంకె కలవకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఇప్పుడు ఏడు నెలల సగటు. ఇక్కడ రెండో పెద్ద తప్పు జరుగుతుంది. పాత సగటు 101.34 చేతిలో ఉంది, కొత్త ధర 110.73, రెండూ కూడి రెండుతో భాగిస్తే 106.04 అని రాసేస్తారు. తప్పు. పాత సగటు వెనక 296 యూనిట్లున్నాయి, కొత్త ధర వెనక 45 మాత్రమే.

సరైన పద్ధతి మళ్లీ మొదటికి వెళ్లడమే. కట్టిందంతా 35,000. యూనిట్లన్నీ 296.023 + 45.153 = 341.176. భాగిస్తే 102.59. తొమ్మిది రూపాయలకు పైగా ఎక్కువ పెట్టి కొన్నా సగటు కదిలింది రూపాయి పావలా మాత్రమే.

పై సొమ్ము దగ్గర 35,000 వేశాను, 34,999.75 కాదు. జేబులోంచి వెళ్లింది 35,000 కాబట్టి. పావలా తీసేసి వేసినా రెండో స్థానం వరకు 102.59 వస్తుంది. ఏ పద్ధతి పాటించినా ఫరవాలేదు, అన్ని నెలలకూ ఒకటే పాటించండి.

సగటు తక్కువగా కదలడం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ చెప్పరు. పదేళ్లు, అంటే 120 నెలలు 5,000 కట్టారు. మొత్తం 6,00,000. సగటున 100 పడింది, 6,000 యూనిట్లున్నాయి. సరిగ్గా 121వ నెలలో మార్కెట్ కుప్పకూలి ఎన్‌ఏవీ 50కి వచ్చింది. మామూలుగా 50 వచ్చేచోట 100 యూనిట్లు వచ్చాయి. (పావలా వదిలేద్దాం.) కొత్త సగటు 6,05,000 ÷ 6,100 = 99.18. ధర సగానికి పడితే మీ సగటు దిగింది 82 పైసలు. అదే రోజు పాత 6,000 యూనిట్ల విలువ 3,00,000 అయి కూర్చుంది.

సిప్ మొదలుపెట్టిన మొదటి ఏడాది ఒక వాయిదా పెద్ద బరువు. పదేళ్లు గడిచాక అది సముద్రంలో చెంబెడు నీళ్లు. మార్కెట్ పడితే సగటు తగ్గుతుందిలే అన్న ధీమా కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు కొంత నిజం. పాతవాళ్లకు ఆ రక్షణ దాదాపు మిగలదు.

స్టేట్‌మెంట్‌తో కలవకపోతే

మా బావమరిది ఒకసారి ఫోన్ చేసి, "బావా, నా సిప్ 5వ తేదీ. ఆ రోజు ఎన్‌ఏవీతో వేస్తే ఒక్క నెల కూడా కలవడం లేదు. వీళ్లు మనల్ని మోసం చేస్తున్నారు" అన్నాడు. స్టేట్‌మెంట్ పంపమన్నాను. నాలుగు నెలల్లో రెండుసార్లు 5వ తేదీ సెలవు రోజున పడింది. మిగతా రెండు నెలల్లో బ్యాంకులో 5నే డబ్బు కట్ అయింది గానీ, ఫండ్ ఖాతాకు మరుసటి రోజు చేరింది. స్టేట్‌మెంట్‌లో యూనిట్లు ఇచ్చిన తేదీ వేరే గడిలో ఉంది. అతను చూసింది బ్యాంకు మెసేజ్‌ను.

2021 ఫిబ్రవరి 1 నుంచి నియమం ఇది: సొమ్ము ఎంతైనా సరే, అది ఫండ్ చేతికి అందిన రోజు ఎన్‌ఏవీయే వర్తిస్తుంది. ఈక్విటీ ఫండ్లకు మధ్యాహ్నం 3 గంటల్లోపు అందాలి. దాటితే తర్వాతి పనిదినం ధర. మీ ఖాతాలో కోత పడిన రోజుకు ఇందులో పాత్ర లేదు. సెలవు రోజున సిప్ తేదీ వస్తే తర్వాతి పనిదినానికి జరుగుతుంది.

అందుకే సరిచూసేటప్పుడు వెనక నుంచి రండి. స్టేట్‌మెంట్‌లో స్టాంప్ డ్యూటీ తీసిన సొమ్మును యూనిట్లతో భాగించండి. జూలైకి 4,999.75 ÷ 45.153 = 110.73. ఆ ఎన్‌ఏవీ ఏ రోజుదో మ్యూచువల్ ఫండ్ కంపెనీల సంఘమైన ఆంఫీ వెబ్‌సైట్‌లో వెతకండి. ఒకటి రెండు రోజుల తేడాతో దొరికితే తేదీ సమస్య అన్నమాట.

ఏ రోజూ కలవకుండా, ప్రతి నెలా ఒకే వైపు కొన్ని రూపాయలు తేడా వస్తుంటే మీరు చూస్తున్నది మీ ప్లాన్ కాదు. ఒకే పథకంలో డైరెక్ట్, రెగ్యులర్ అని రెండు ప్లాన్లుంటాయి. డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి నుంచి వచ్చాయి. వాటిలో ఏజెంట్ కమిషన్ ఉండదు కాబట్టి ఖర్చు తక్కువ, ఎన్‌ఏవీ ఏటికేడు రెగ్యులర్ కంటే పైకి జరుగుతూ పోతుంది. పేరు చివర ఏ మాట ఉందో చూసుకుంటే తేలిపోతుంది.

ఇంకొకటి, యూనిట్లన్నీ కలిసినా సగటు మాత్రం ఎక్కువగా వస్తోందంటే, మీరు నెలల సంఖ్యను 5,000తో గుణించి కట్టింది లెక్కవేసి ఉంటారు. ఖాతాలో బ్యాలెన్స్ లేక ఏదో ఒక నెల వాయిదా వెనక్కిపోయి ఉంటుంది. ఆ నెల వరసే స్టేట్‌మెంట్‌లో ఉండదు. పై సొమ్ములో ఉంది, కింది యూనిట్లలో లేదు, సగటు ఉబ్బిపోతుంది. ఎప్పుడూ వరసలు కూడండి, నెలలు కాదు.

అన్ని ఫండ్ల స్టేట్‌మెంట్ ఒకేచోట కావాలంటే చెన్నైలోని క్యామ్స్, మన హైదరాబాద్‌లోని కేఫిన్‌టెక్ సైట్లలో అడిగితే మెయిల్‌కు పంపిస్తారు. ఫండ్లలో చాలావాటి ఖాతా పుస్తకాలు చూసేది ఈ రెండే.

కంప్యూటర్‌లో వేసుకునేవాళ్లకు

ఎక్సెల్‌లో B గడిలో కట్టిన సొమ్ము, C గడిలో ఎన్‌ఏవీ, D గడిలో యూనిట్లు పెట్టుకోండి. జనవరి రెండో వరసలో ఉందనుకుంటే, D2లో మొదటిది రాసి కిందికి లాగండి. ఆరు నెలల సగటుకు రెండోది.

```
=ROUND(B2/C2,3)
=SUM(B2:B7)/SUM(D2:D7)
```

జూలై నుంచి యూనిట్లకు B గడి సొమ్ములోంచి పావలా తీసి భాగించాలి:

```
=ROUND((B8-0.25)/C8,3)
```

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఇంకో దారి ఉంది:

```
=HARMEAN(C2:C7)
```

ఇది హరాత్మక మధ్యమం. 101.34 చూపిస్తుంది. యూనిట్లు లెక్కవేయకుండానే సగటు వచ్చేసిందే అని సంబరపడి దీనికే అలవాటు పడొద్దు. ప్రతి నెలా కట్టింది సమానంగా ఉంటేనే ఇది పనిచేస్తుంది. మధ్యలో సిప్‌ను 6,000కు పెంచినా, బోనస్ రాగానే ఒకసారి ఎక్కువ వేసినా తప్పు చూపిస్తుంది. అప్పుడు మొత్తం సొమ్ము బై మొత్తం యూనిట్లే గతి.

మీరు చేయాల్సింది

ఆగస్టు 31న నిఫ్టీ 11,387.50, సెప్టెంబరు 30న 11,247.55. ఇదే పద్ధతిలో ఎన్‌ఏవీలు 113.88, 112.48. పావలా తీసి రెండు నెలల యూనిట్లు వేయండి. తొమ్మిది నెలల మొత్తం యూనిట్లు 429.530, సగటు 104.77 వస్తే మీ లెక్క సరైనది. రాకపోతే ముందు ఆగస్టు యూనిట్లు 43.904 వచ్చాయో లేదో చూడండి. 43.906 వచ్చిందంటే పావలా మరిచిపోయారు.

రెండో లెక్కకు జవాబు ఇప్పుడు ఇవ్వను. ఆగస్టు నుంచి సిప్ 6,000 చేశారనుకోండి, స్టాంప్ డ్యూటీ 30 పైసలు. తొమ్మిది నెలల సగటు ఎంత? అదే తొమ్మిది ధరలకు HARMEAN ఎంత చూపిస్తుంది? రెండింటిలో ఏది ఎక్కువ, ఎందుకు?

నాలుగో పాఠంలో అమ్మకం. 100 యూనిట్లు అమ్మితే ఏ నెలవి ముందు పోయినట్టు? పన్ను లెక్కలో ముందు కొన్నవే ముందు అమ్మినట్టు చూస్తారు, ఈ రోజు మనం కష్టపడి తేల్చిన సగటును అక్కడ వాడరు. జనవరి 41.799, ఫిబ్రవరి 44.635 అంటూ వేసిన ఈ పట్టికే వరసల వారీగా మళ్లీ కావాలి. చింపేయకండి.